స్లయిడు మారేచోట మాస్టారి గొంతు

మా శిక్షణ సంస్థలో అందరికీ మైకు కావాలి, ఒక్క వైండింగ్ మాస్టారికి తప్ప. అందుకే ఆయన్ని అందరూ మైకు మాస్టారు అనేవాళ్ళు. కాలిపోయిన మోటార్లు విప్పి, మాడిన రాగితీగ పెరికేసి, కొత్త తీగ చుట్టడం నేర్పే పని ఆయనది. ఆయన షెడ్డుకీ నా కంప్యూటర్ గదికీ మధ్య ఒకే గోడ, అదీ పేరుకే. ఇటు నేను కీబోర్డు మీద వేళ్ళెలా పెట్టాలో చెబుతుంటే అటు నుంచి "ఒకటో గాడిలో దిగిన కాయిల్ రెండో పక్క ఎక్కడ దిగాలిరా?" అని గర్జన వినబడేది. ఆయన పిల్లల కంటే ముందు నా పిల్లలే "ఏడులో!" అని అరిచేవాళ్ళు. టైపింగ్ రాకపోయినా నా బ్యాచ్‌లకి మోటారు చుట్టడం సగం వచ్చేసిందని ప్రిన్సిపాల్‌కి ఫిర్యాదు చేశాను. ఆయన నవ్వి, "అది మన సంస్థకి లాభమే కదమ్మా" అన్నారు. ఆ రోజంతా నా ఒళ్ళు మండిపోయింది.

అసలు గర్జన మాత్రం చివరి పాఠానికి ఉండేది. చుట్టిన మోటారుకి మొదటిసారి కరెంటు ఇచ్చే రోజు అది. ట్రైనీలు బల్ల చుట్టూ నిలబడతారు. మాస్టారు స్విచ్ దగ్గర ఉన్నవాడి కళ్ళలోకి చూసి, "చెయ్యి తీశావా?" అంటారు. "తీశాను మాస్టారూ." "చుట్టూ చూశావా?" "చూశాను మాస్టారూ." "అయితే ఇప్పుడు వెయ్యి!" ఆ మూడో మాట పడేదాకా ఎవడూ స్విచ్ ముట్టుకోడానికి లేదు. ఆయన దగ్గర చదివి బయట షాపులు పెట్టుకున్నవాళ్ళు కూడా స్విచ్ వేసేముందు తమకు తామే ఆ మాట చెప్పుకుంటారని వినేదాన్ని. గోడకి ఇవతల ఉన్న నాకే చెయ్యి వెనక్కి తీసుకోబుద్ధి అయ్యేది.

ఆ గొంతు మెల్లమెల్లగా బొంగురుపోవడం అందరం గమనించాం. అరిచి అరిచి పోయిందనుకున్నాం. ఆయనా అదే అనుకుని వేడినీళ్ళు పుక్కిలించుకుంటూ నెట్టుకొచ్చారు. ఆయన భార్య పోరగా పోరగా పెద్దాసుపత్రికి వెళ్తే, స్వరపేటికలో గడ్డ ఉందని, అది మంచిది కాదని, స్వరపేటిక మొత్తం తీసేయాలని చెప్పారు. ప్రాణం నిలబడవచ్చు. మాట మాత్రం ఉండదు.

ఈ సంగతి నాకు ఆయనే చెప్పారు. మధ్యాహ్నం నా గదికొచ్చి, తలుపు దగ్గరే నిలబడి, నేనెప్పుడూ వినని నెమ్మది గొంతుతో, "కంప్యూటరమ్మా, నీకిక గోడ బాధ ఉండదు" అన్నారు. ఇన్నేళ్ళూ ఏ గొంతు తగ్గాలని కోరుకున్నానో అది తగ్గబోతుంటే కుర్చీ లాగి ఆయన వైపు జరిపాను.

"ఆపరేషన్‌కి కాస్త టైముందట. ఈలోపు నా పాఠాలన్నీ వీడియోలు చెయ్యాలి. బొమ్మలు కనబడాలి, నా మాట వినబడాలి. చేతులు బాగానే ఉన్నాయి కదా, చేసి చూపిస్తాను. చెప్పాల్సింది వీడియో చెబుతుంది. లేకపోతే నన్ను స్టోర్‌రూమ్‌లో తాళాలు ఇచ్చి కూర్చోబెడతారు."

"మీకు స్లయిడ్లు చెయ్యడం వచ్చా మాస్టారూ?"

"రాదు. మొండితనం వచ్చు. సరిపోతుందా?"

మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు. రాజులు నా కంప్యూటర్ ముందు కూర్చోలేదు కాబట్టి పోల్చి చెప్పలేను గానీ, ఆ మాట నిజమేనని తర్వాతి రోజుల్లో నాకు బాగా తెలిసొచ్చింది.

ఆయన దగ్గర గోడకి వేలాడదీసే పెద్ద చార్టులుండేవి. ఒకటి చెప్పడం అవగానే పైకి తిప్పితే కింద ఇంకోటి. వాటినన్నిటినీ ఫోటోలు తీసుకొచ్చి ఒక్కో స్లయిడు మీద ఒక్కోటి అతికించేశారు. ఇరవై నాలుగు గాళ్ళ మోటారు బొమ్మ, మూడు రంగుల తీగలు, గాడిగాడికీ అంకె, పక్కన పట్టీ, కింద సూచనలు, అన్నీ ఒకే స్లయిడులో. నేను తలపట్టుకున్నాను.

"ఇది చార్టు కాదండీ. పిల్లలు అరచేతిలో ఫోన్ పెట్టుకుని చూస్తారు. ఒక స్లయిడుకి ఒక సంగతే ఉండాలి. అంకెలు పెద్దవి కావాలి. ఈ పసుపు తీగ తెల్ల కాగితం మీద ఎవరికి కనబడుతుంది?"

"మోటార్లో పసుపు పసుపే కదమ్మా?"

"వెనక రంగు మారుద్దాం. మీ పసుపుని మీకే ఉంచుతాను."

ముదురు నీలం మీద పసుపు తీగ మెరిసింది. ఒక చార్టు నాలుగైదు స్లయిడ్లయింది. మొదటి స్లయిడులో ఖాళీ గాళ్ళు, తర్వాతి దాన్లో ఒక్క కాయిల్, ఆ తర్వాత రెండోది. అన్నిటికీ ఒప్పుకున్నారు గానీ ఒక్క విషయంలో మాత్రం పట్టిన పట్టు వదల్లేదు. స్లయిడు మారేటప్పుడు కాగితం తిరిగినట్టు మడతపడుతూ వెళ్ళే ఒక హంగు ఉంటుంది. అది చూడగానే ఆయన ముఖం వెలిగిపోయింది. "ఇదీ! నా చార్టు తిరిగినట్టే ఉంది. అన్నిటికీ ఇదే పెట్టు" అన్నారు. నేనూ పోనీలే అనుకున్నాను.

రికార్డింగ్ భోజనాల వేళ పెట్టుకున్నాం. అప్పుడైతే లేత్ మిషన్లు ఆగి ఉంటాయి. ఫ్యాన్ ఆపేసి, కిటికీలు మూసి, పాత దుప్పట్లు గోడలకి కట్టాను. హెడ్‌ఫోన్ మైకు నోటికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కకి, పెదవి చివరన ఉండేలా సర్దాను. ఎదురుగా ఉంటే ఊపిరి తగిలి బుస్సుమంటుంది. ఒక వాక్యం చెప్పించి విని, ధ్వని పగలకుండా మట్టం తగ్గించాను. బొంగురుపోయినా అది మైకు మాస్టారి గొంతే మరి.

అంతా సిద్ధం చేసి "చెప్పండి" అంటే ఆయన నోరు పెగల్లేదు. స్క్రీను వంక చూస్తారు, గుటక వేస్తారు, ఆగిపోతారు. "ఎవరికి చెప్పాలమ్మా? ఎదురుగా ఎవరూ లేకుండా ఎలా చెబుతాను? ఇదేదో గోడకి చెప్పినట్టుంది" అన్నారు.

ఆ వేళకే ఆయన భార్య భోజనం క్యారేజీ పట్టుకుని వచ్చింది. నేను అక్కయ్యా అని పిలిచేదాన్ని. సన్నగా, ఒక్క మాట అడిగితే ఒకే మాట చెప్పే మనిషి. ఆ ఇంట్లో ఇద్దరి మాటలూ ఆయనే మాట్లాడేసేవారు కాబోలు. ఆమెని కంప్యూటర్ అవతల, ఆయనకి కనబడేలా కుర్చీ వేసి కూర్చోబెట్టాను.

"అక్కయ్యా, మీరే క్లాసు. ఆయన అడిగినవాటికి తలూపండి. నోరు మాత్రం విప్పొద్దు, మీ గొంతు కూడా రికార్డయిపోతుంది. గాజులు కూడా తీసి పక్కన పెట్టండి."

ఆమె గాజులు తీసి క్యారేజీ మూత మీద పెట్టుకుంది. మాస్టారు ఆమె కళ్ళలోకి చూశారు. "ఇదుగో చూడు, ఇది స్టేటర్. దీంట్లో గాళ్ళుంటాయి..." అని మొదలుపెట్టారు. ఇక ఆయన్ని ఆపడం ఎవరి తరం?

ఈ పద్ధతిలో మాట ఏ స్లయిడుకా స్లయిడుకి విడివిడిగా నిలవ ఉంటుంది. ఎంతసేపు మాట్లాడితే ఆ స్లయిడు అంతసేపు నిలబడుతుందన్నది కూడా దాంతోపాటే నమోదవుతుంది. దగ్గు వస్తే పాఠమంతా మళ్ళీ చెప్పక్కర్లేదు, ఆ ఒక్క స్లయిడుదే చెరిపి మళ్ళీ చెప్పుకోవచ్చు. కాకపోతే, చెప్పడం అవగానే అక్కడే ఆపాలి. ఏమరుపాటున నొక్కి ముందుకెళ్తే తర్వాతి స్లయిడు మీదున్న మంచి రికార్డింగ్ మీద కొత్తది పడి అది చెడిపోతుంది. ఇదంతా ఆయనకి ఒకసారి చెబితే అర్థమైంది. అర్థమయ్యీ వినని సంగతి వేరే ఉంది.

మొదటి పాఠం తిరిగి వేసి విన్నాం. "ఒకటో గాడిలో దిగిన కాయిల్ రెండో పక్క ఎక్కడ దిగాలి?" అని మాస్టారి గొంతు అడిగింది. కాగితం మడతపడి తిరిగింది. "...కాబట్టి మధ్యలో ఐదు గాళ్ళు వదిలాం" అంది. జవాబు లేదు.

"ఏడులో అన్నానే!" అన్నారు మాస్టారు.

అన్నారు, నేనూ విన్నాను. కానీ స్లయిడు తిరిగే ఆ క్షణంలో సాఫ్ట్‌వేర్ మాటని పట్టుకోదు. ఈ స్లయిడుది ఆగి, తిరగడం పూర్తయ్యాకే ఆ స్లయిడుది మొదలవుతుంది. మధ్యలో అన్నది గాలికి పోయినట్టే. ఆయనేమో ప్రశ్న అడిగి, చార్టు తిప్పుతూ, ఆ తిప్పడంలోనే జవాబు గట్టిగా చెప్పడం అలవాటైన మనిషి. పాఠమంతా వెతికితే ప్రశ్నలన్నీ పదిలంగా ఉన్నాయి, జవాబులన్నీ మాయమయ్యాయి.

"ఆ మడత హంగు తీసేద్దాం మాస్టారూ, మధ్యలో ఖాళీ తగ్గుతుంది. తీసేసినా సరే, స్లయిడు మార్చేముందు నోరు మూసి ఒక గుటక వెయ్యాలి, మారాక ఇంకో గుటక వేసి మాట్లాడాలి."

"హంగు తియ్యొద్దు. నేనే ఆగుతాను."

ఆగలేదు. మర్నాడూ ఆగలేదు. చెయ్యి నొక్కుతుంటే నోరు తనంతట తనే తెరుచుకునేది. ప్రతి పాఠంలో మాయమైన జవాబులు వెతికి, ఆ స్లయిడ్లకి మళ్ళీ చెప్పించేసరికి నా తలప్రాణం తోకకొచ్చేది. ఒకరోజు విసిగిపోయి, "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, ఊరికే అన్నారా!" అనేశాను.

అన్న మరుక్షణం నాలుక కరుచుకున్నాను. అక్కయ్య క్యారేజీ మూత వంక చూస్తోంది. మాస్టారు మాత్రం పగలబడి నవ్వారు. నవ్వు దగ్గయింది, దగ్గు తగ్గడానికి చాలాసేపు పట్టింది. "రికార్డింగ్‌లో ఉందా అది? ఉంచు, ఉంచు. మా కంప్యూటరమ్మ ఆశీర్వచనం" అన్నారు కళ్ళు తుడుచుకుంటూ. ఆ తర్వాత నేను ఆయన మీద విసుక్కోలేదు.

మొదటి వీడియో తనే తయారుచేస్తానన్నారు. అన్ని పాఠాలకీ నన్నే నమ్ముకుంటే ఎలా అని ఆయన బాధ. స్లయిడ్లని వీడియోగా ఎగుమతి చేసేచోట రికార్డు చేసిన మాటా సమయమూ వాడుకోవాలా వద్దా అని అడుగుతుంది. ఆయన చూసుకోకుండా వద్దన్నదే నొక్కారు. బయటికొచ్చిన వీడియోలో మాట లేదు, ఏం లేదు. ఒక్కో స్లయిడు ఐదేసి సెకన్లు నిలబడి, గడియారం ముల్లు కదిలినట్టు తిరిగిపోతోంది. మాస్టారు దాన్ని చివరిదాకా చూశారు.

"ఆపరేషన్ తర్వాత నా క్లాసు ఇలాగే ఉంటుందన్నమాట" అన్నారు.

నేను ఆ వీడియో చెరిపేశాను. రెండో వీడియోకి మాట వచ్చింది గానీ, ఫోన్లలో తేలిగ్గా పంపొచ్చని ఆయన అన్నిటికంటే చిన్న పరిమాణం ఎంచుకున్నారు. షెడ్డులో ఒక ట్రైనీకి చూపిస్తే, ఆ అమ్మాయి ఫోన్ కంటికి దగ్గరగా పెట్టుకుని, "మాస్టారూ, ఇది ఒకటా, ఏడా?" అంది. ఒకటికీ ఏడుకీ తేడా తెలియకపోతే ఆ పాఠం ఎందుకు? అంకెలన్నీ అలికినట్టున్నాయి. అప్పుడు ఫుల్ హెచ్‌డీలో ఎగుమతి చేశాం. ఫైలు పెద్దదైంది, తయారవడానికి మేం టీ తాగి వచ్చేంతసేపు పట్టింది. కానీ ప్రతి గాడి అంకె కోసిపెట్టినట్టు కనబడింది. పంపేటప్పుడు మామూలు వీడియోలా పంపితే మెసేజీ యాప్ మళ్ళీ కుదించేసి పాడుచేస్తుందని, డాక్యుమెంటుగా పంపడం కూడా నేర్పాను. అంతేకాదు, వీడియో అయిపోయింది కదా అని అసలు స్లయిడ్ల ఫైలు పారేయొద్దని, రేపు ఏదైనా దిద్దాలంటే అదే దిక్కని చెప్పాను. ఆయన బుద్ధిమంతుడిలా తలూపారు.

పాఠం తర్వాత పాఠం అయ్యాయి. రోజురోజుకీ గొంతు అరిగిపోతున్నది. అంతకు ముందు రోజుదీ ఆ రోజుదీ పక్కపక్కన వింటే తేడా తెలిసిపోయేది. ఒకసారి అక్కయ్య వసారాలో నా పక్కన నిలబడి అంది:

"ఈ రికార్డయ్యేది ఆయన గొంతు కాదమ్మా. సగమే. అసలు గొంతు ఎక్కడా లేదు. పెళ్ళి నాటిది కూడా లేదు. ఇరవై నాలుగ్గంటలూ మాట్లాడే మనిషి మాట దాచుకోవాలని ఎవరికి తోస్తుంది?"

ఆమె అంత మాట్లాడడం నేను వినడం అదే మొదలు.

ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. గడ్డ పెరుగుతోంది, ఆలస్యం చెయ్యొద్దు, వెంటనే వచ్చి చేరమన్నారు. అప్పటికి చివరి పాఠం ఒక్కటే మిగిలింది, కరెంటు ఇచ్చే పాఠం. ఆ మధ్యాహ్నం బ్యాగు సర్దుకుని, దారిలో దిగి వచ్చారు ఇద్దరూ. బయట ఆటో ఆగి ఉంది. అక్కయ్య గాజులు తీసి కూర్చుంది.

చుట్టిన తీగ మోటారు ఒంటికి ఎక్కడా తగలడం లేదని మెగ్గర్ అనే మీటరుతో ఎలా చూడాలో చెప్పారు. రీడింగు తక్కువొస్తే కరెంటు ఇవ్వనే కూడదన్నారు. చివరికి స్వరం కూడగట్టుకుని, అక్కయ్య వంక చూస్తూ, "చెయ్యి తీశావా?" అన్నారు. ఆమె తలూపింది. "చుట్టూ చూశావా?" ఆమె తలూపింది. ఆయన చెయ్యి నొక్కింది, స్క్రీను మీద కాగితం తిరుగుతూ స్విచ్ బొమ్మ ఉన్న ఆఖరి స్లయిడు వస్తోంది. ఆయన అనాల్సింది అన్నారు. గదిలో దుప్పట్లు కట్టినా ఖంగుమంది. తర్వాత రికార్డింగ్ ఆపేసి, హెడ్‌ఫోన్ తీసి నా చేతిలో పెట్టారు. "వినే టైము లేదు, నువ్వు చూసుకో" అని వెళ్ళిపోయారు.

నేను విన్నాను. ఆటో వీధి చివరికి కూడా వెళ్ళి ఉండదు. "చుట్టూ చూశావా?" అంది గొంతు. కాగితం తిరిగింది. స్విచ్ బొమ్మ ఒక్క క్షణం కనబడి పాఠం అయిపోయింది. మూడో మాట తిరిగే కాగితంలో పోయింది.

ఫోన్ చేసి వెనక్కి పిలవనా అనుకున్నాను. డాక్టర్లు వెంటనే రమ్మన్న మనిషిని ఒక్క మాట కోసం వెనక్కి పిలవడానికి నోరు రాలేదు. మిగతా పాఠాలన్నీ మొదటి నుంచి విన్నాను, ఎక్కడైనా ఆ మాట దొరికితే కోసి ఇక్కడ అతికిద్దామని. దొరకలేదు. కరెంటు ఇచ్చే పాఠం అదొక్కటే మరి. ఆయన ఆ మాటని ఊరికే ఎక్కడా వాడరు. నాకు ఏడుపొచ్చింది. ఆయన్ని కాదు, నన్ను కాదు, ఆ మడత కాగితాన్ని తిట్టుకుంటూ ఏడ్చాను.

ఆపరేషన్ అయి, గాయం మాని, ఆయన తిరిగి షెడ్డుకి వచ్చారు. మెడ కింద చిన్న రంధ్రం, దాని మీద పలచటి గుడ్డ. గొంతుకి ఆనించి మాట్లాడే యంత్రం ఇచ్చారు గానీ, ఆ మరగొంతు విని తనే ఉలిక్కిపడి బ్యాగులో పెట్టేశారు. పలకా సుద్దముక్కా పట్టుకుని తిరిగేవారు. నా గదికి వచ్చి పలక మీద రాశారు: "గోడ ఎలా ఉంది?"

"బోసిగా ఉంది మాస్టారూ" అన్నాను. నిజం అదే. నా పిల్లలు ఇప్పుడు టైపింగ్ బాగా నేర్చుకుంటున్నారు. ఆ నిశ్శబ్దం నేను భరించలేకపోతున్నాను.

ఆఖరి పాఠం వేసి చూపించాను. దాచి లాభం లేదు. మూడో మాట రాలేదని ఆయనకి అర్థమవగానే, ఆయన నోరు తెరుచుకుంది. పెదవులు ఆ మాటని ఆకారం కట్టాయి. గాలి మెడ దగ్గర గుడ్డని కదిలించింది, అంతే. ఆయనతో వచ్చిన అక్కయ్య ముఖం తిప్పుకుంది.

"నేను చెప్పి అతికించనా మాస్టారూ? లేకపోతే మీ పాత స్టూడెంటు ఎవరినైనా పిలుద్దామా? ఒక్క మాటే కదా."

ఆయన పలక తుడిచి రాశారు: "వద్దు. ఖాళీ ఉంచు. అది వాళ్ళే అనాలి."

"మరి ఖాళీ ఎంతసేపు ఉంచాలి? ఇప్పుడది రెప్పపాటే ఉంది."

మౌస్ తనే తీసుకున్నారు. మాట రికార్డు చెయ్యకుండా సమయం మాత్రమే కొలిచే సౌకర్యం ఉంటుంది. దాన్ని మొదలుపెట్టి చూపించాను. స్విచ్ బొమ్మ వచ్చింది. పక్కన గడియారం నడుస్తోంది. ఆయన కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ, బల్ల చుట్టూ నిలబడ్డ పిల్లలు ఊపిరి తీసుకుని జవాబు చెప్పేంతసేపు, స్విచ్ దగ్గరున్నవాడి చెయ్యి కదిలేంతసేపు ఆగారు. తర్వాత కళ్ళు తెరిచి నొక్కారు. ఆఖరి స్లయిడుకి ఆ సమయం స్థిరపడింది. కాగితం మడత హంగుని కూడా ఆయనే తీయబోయి, చెయ్యి ఆపి, అలాగే వదిలేశారు. ఫుల్ హెచ్‌డీలో ఎగుమతి చేశాం.

ఆ ఏటి బ్యాచ్ మొదటిసారి మోటారుకి కరెంటు ఇచ్చిన రోజు గోడకి ఇవతల నేను పాఠం ఆపేసి విన్నాను. వీడియోలోంచి ఆయన అడుగుతున్నారు. "చెయ్యి తీశావా?" "తీశాను మాస్టారూ!" "చుట్టూ చూశావా?" "చూశాను మాస్టారూ!" తర్వాత ఖాళీ. నా పిల్లలందరూ కీబోర్డుల మీద నుంచి తలలెత్తారు. అటు షెడ్డంతా ఒక్క గొంతుతో, "అయితే ఇప్పుడు వెయ్యి!" అంది. మోటారు తిరిగిన చప్పుడు వినబడింది. బల్ల మీద మాస్టారు అరచేత్తో గట్టిగా కొట్టడం కూడా వినబడింది. ఆయన క్లాసు ఆయనకి మిగిలింది.

ఎక్కువ కాలం మిగల్లేదు. గడ్డ ఇంకోచోట మొలిచింది. ఈసారి డాక్టర్లు తేదీలేం చెప్పలేదు. మనిషి చూస్తుండగానే కరిగిపోయి, ఒక తెల్లవారుజామున వెళ్ళిపోయారు. ఆయన్ని కడసారి చూడ్డానికి మెట్ల దాకా పాకిన క్యూలో చేతులు కట్టుకు నిలబడ్డవాళ్ళందరి వేళ్ళకీ వైండింగ్‌కి పూసే వార్నిష్ మరకలే.

కొన్నాళ్ళకి అక్కయ్య నా గదికొచ్చింది. కుర్చీలో కూర్చోకుండా, దుప్పట్లు కట్టిన మేకుల వంక చూస్తూ, "ఆయన పాఠాలు నా ఫోన్లో వేస్తావా?" అంది. ఫోను చిన్నది, ఖాళీ తక్కువ. పెద్ద ఫైళ్ళు పట్టవు.

"చిన్నవి చేసిస్తాను గానీ అక్కయ్యా, బొమ్మలు సరిగ్గా కనబడవు. అంకెలు అలికినట్టుంటాయి."

"నాకు అంకెలెందుకమ్మా?"

బొమ్మలు స్పష్టంగా రావాలని ఆయన్ని ఎంత సతాయించానో గుర్తొచ్చింది. అన్ని పాఠాలూ అన్నిటికంటే చిన్న పరిమాణంలో చేసి ఆమె ఫోన్లో వేశాను. మాట మాత్రం ఏమీ తగ్గలేదు.

మొన్న సెలవు రోజు వాళ్ళింటికి వెళ్ళాను. వీధి తలుపు తీసే ఉంది. వంటింట్లో అక్కయ్య మిక్సీ ముందు నిలబడి ఉంది, వీపు నా వైపు. కిటికీ గట్టు మీద ఫోను ఆనించి ఉంది. తెర మీద ఏదో నీలంగా, పసుపుగా మసక. మెగ్గర్ సంగతి చెబుతున్నారు మాస్టారు. ఆమె జారులో ఏదో వేసి, మూత బిగించి, ఆగింది. ఆ చోటు కోసమే ఎదురుచూస్తోందని నాకు అర్థమయ్యేసరికి గుమ్మంలోనే నిలబడిపోయాను.

"చెయ్యి తీశావా?"

ఆమె మూత మీది చెయ్యి తీసింది. గాజులు గలగలమన్నాయి. "తీశానండీ" అంది.

"చుట్టూ చూశావా?"

"చూశాను."

ఫోన్లో కాగితం తిరిగింది. ఖాళీ వచ్చింది. ఆయన కళ్ళు మూసుకుని కొలిచిన ఖాళీ. నా కంప్యూటర్ గదిలో అన్ని మధ్యాహ్నాలూ నోరు విప్పొద్దని నేను కూర్చోబెట్టిన మనిషి ఆ ఖాళీలో ఒక్క క్షణం కూడా తొందరపడలేదు.

"వేస్తున్నానండీ" అని చెప్పి, స్విచ్ వేసింది.